పీర్ల పండగ స్లయిడు

బందరులో పున్నాగ అగరుబత్తి కంపెనీని కంపెనీ అనడం మర్యాద కోసమే. నిజానికి అదొక పాత పెంకుటిల్లు. వెనక రేకుల షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని వత్తులు చుట్టేవారు. ముందు గదిలో మూడు బల్లలు ఉండేవి. పెద్ద బల్ల యజమాని ఈశ్వరప్రసాద్‌ది. తలుపు దగ్గరది, ఊళ్లకు సరుకు పంపించే పని చూసే అబ్దుల్ గఫార్‌ది. కిటికీ పక్కది వెంకటసుబ్రహ్మణ్యం గారిది. ఆ గదిలో ఒక గంట కూర్చుని బయటికొచ్చిన మనిషిని ఎవరైనా ఇట్టే పోల్చుకునేవారు. చొక్కా ఉతికినా పోని వాసన అది.

సుబ్రహ్మణ్యం గారు గూడూరు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే జానకమ్మ గారికి వంటింట్లో సలహాలు ఇవ్వడం మొదలెట్టారు. ఆవిడ వారం రోజులు ఓర్చుకుని, ఎనిమిదో రోజున ఎక్కడైనా పని చూసుకోమంది. అలా ఉత్తరాలు రాసిపెట్టే పనికి కంపెనీలో చేరారు. చేరిన ఏడాదికే పండగ స్లయిళ్ల పని ఆయన నెత్తిన పడింది. పడింది అనడం కంటే, ఆయనే ఎదురెళ్లి ఎత్తుకున్నారనడం న్యాయం.

స్లయిళ్లంటే సినిమా హాళ్లలో ఆట మొదలయ్యే ముందు, ఇంటర్వెల్‌లో తెర మీద వేసే ప్రకటనలు. చిన్న గాజు పలక మీద పెయింటరు అక్షరాలు రాసి, పైన ఇంకో గాజు పలక పెట్టి, అంచులకు నల్లకాగితం అతికించి ఇస్తాడు. పండగ వస్తోందంటే బందరు, గుడివాడ, బంటుమిల్లి, అవనిగడ్డ హాళ్లన్నిటికీ ఈశ్వరప్రసాద్ శుభాకాంక్షల స్లయిడు పంపించేవాడు. ఒక్క మతం పండగని కూడా వదిలేవాడు కాదు.

"వత్తి వెలిగించని గడప ఏదుంది మాస్టారూ? రామాలయంలోనూ మనదే, దర్గాలోనూ మనదే. మేరీమాత ముందు కూడా మనదే వెలుగుతోంది," అనేవాడు. అందులో సమరసభావం ఎంతో, సరుకు అమ్మకం ఎంతో అతనికే తెలియాలి. మొత్తానికి మనిషి చెడ్డవాడు కాదు. తొందర మనిషి.

ఆ తొందరకు కళ్లెం వేసేది సుబ్రహ్మణ్యం గారు. పెయింటరు దగ్గరికి వెళ్లే ప్రతి మేటరూ, ప్రతి బొమ్మా ముందు ఆయన బల్ల మీదికి రావాలి. ఆయన ఎర్రసిరా పెన్ను తీసి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చుంటే ఇక ఆ గదిలో ఈగ కూడా జాగ్రత్తగా వాలాల్సిందే. వినాయక చవితికి కరపత్రాల మీద దేవుడి బొమ్మ వేద్దామంటే వద్దన్నారు. కరపత్రం సాయంత్రానికి రోడ్డు మీద పడుతుంది, జనం తొక్కుతారు, తొక్కినవాడిదీ పాపమే, వేసినవాడిదీ పాపమే అన్నారు. అదే లెక్కన రంజాన్ కరపత్రం మీద మసీదు బొమ్మనీ, క్రిస్మస్ దాని మీద సిలువనీ తీయించేశారు. నెలవంక, నక్షత్రం, దీపం, పువ్వు చాలన్నారు. రంజాన్ స్లయిడు మీద తేదీ వేయనిచ్చేవారు కాదు. చంద్రుడు కనపడితేగా పండగ, కనపడకముందే మనం ప్రకటించడానికి మనమెవరం అనేవారు. బక్రీద్‌కి పెయింటరు ముచ్చటపడి మేకపిల్ల బొమ్మ వేసుకొస్తే ఆ కాగితాన్ని అతని చేతికే తిరిగిచ్చి, ఇంటికెళ్లి పిల్లలకి చూపించుకోమన్నారు.

అంతకంటే ఆయన గొప్పగా చెప్పుకునే దిద్దుబాటు ఇంకొకటుంది. పాత స్లయిళ్లలో ఉగాదికేమో 'ప్రజలందరికీ శుభాకాంక్షలు' అని ఉండేది. రంజాన్‌కి 'ముస్లిం సోదరులకు', క్రిస్మస్‌కి 'క్రైస్తవ సోదరులకు' అని ఉండేది.

"ఇదేమిటండీ, ఉగాదికి అందరూ ఇంటివాళ్లు, మిగతా పండగలకి వాళ్లు చుట్టపుచూపుగా వచ్చిన సోదరులూనా?" అని ఆయన అన్ని స్లయిళ్ల మీదా ఒకే మాట పెట్టించారు. 'అందరికీ' అని. ఈశ్వరప్రసాద్ ఒప్పుకున్నాడు. గఫార్ తన బల్ల దగ్గర తలెత్తి, ఒక్కసారి ఆయన వైపు చూశాడు. ఆ చూపు సుబ్రహ్మణ్యం గారికి జీతం కంటే ఎక్కువ.

గఫార్ నలభై దాటిన మనిషి. నెమ్మదస్తుడు, మాట పొదుపు. కిందటేడు ఉప్పెనలో నాగాయలంక కింద ఒక పల్లెలో ఉన్న అక్క మజీదా కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. ఆ తర్వాత అతను మరీ తగ్గిపోయాడు. సుబ్రహ్మణ్యం గారంటే మాత్రం అతనికి ప్రత్యేకమైన గౌరవం. ముస్లిం పండగల మేటరు ఆయన అతనికి చూపించకుండా పంపేవారు కాదు. కాగితం పట్టుకుని తనే లేచి అతని బల్ల దగ్గరికి వెళ్లి, "కాస్త చూడండి గఫార్ గారూ," అనేవారు. అతను లేచి నిలబడి చదివి, "బాగుందండి పంతులు గారూ," అనేవాడు. ఎప్పుడన్నా ఒక మాట మార్చమంటే ఆయన అక్కడికక్కడే మార్చేసేవారు. ఈశ్వరప్రసాద్ కూడా అదొక్కటే అడిగేవాడు: "గఫారు చూశాడా?" చూశాడంటే ఇక చదవకుండానే కింద సంతకం పెట్టేవాడు.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, మొహర్రం డిసెంబరులో పడింది. కృష్ణా డెల్టాలో మొహర్రం అంటే చాలామందికి తెలియదు, పీర్ల పండగ అంటేనే తెలుస్తుంది. పల్లెల్లో సాయిబులకంటే హిందువుల సందడే ఎక్కువ. డప్పులు, పులివేషాలు, నిప్పుల గుండం, పానకం కుండలు. సుబ్రహ్మణ్యం గారు చిన్నప్పుడు గూడూరులో వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని పీర్లు చూశారు. కొడుక్కి జ్వరం తగ్గితే పీరుకి బెల్లం పానకం పోస్తానని వాళ్లమ్మ మొక్కుకుంది. జానకమ్మ గారు అత్తగారి మొక్కుని ఇప్పటికీ నడుపుతూ, ఏటా బందరులో పీర్ల చావిడికి పానకం తీసుకెళ్తుంది. కాబట్టి ఆ పండగ తన సొంత పండగేనని ఆయన ఉద్దేశం.

"మాస్టారూ, ఈసారి పీర్ల పండక్కి మంచి స్లయిడు వెయ్యాలి. ఆ పదిరోజుల్లో ఎంత ఊదు, ఎన్ని వత్తులు ఖర్చవుతాయో తెలుసా? ఇన్నాళ్లూ మనకి తట్టలేదు చూడండి," అన్నాడు ఈశ్వరప్రసాద్.

సుబ్రహ్మణ్యం గారికి హుషారొచ్చింది. ఆ రోజంతా కిటికీ దగ్గర కూర్చుని రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. సాయంత్రానికి తేలింది ఇది: 'పీర్ల పండగ వేళ, పున్నాగ పరిమళం ఇంటింటా ఆనందం నింపాలని, అందరికీ శుభాకాంక్షలతో'. చదువుకుంటే ఆయనకే ముద్దొచ్చింది. పీర్లు, పండగ, పున్నాగ, పరిమళం అంటూ నాలుగు 'ప'లు ఎంత బాగా పడ్డాయో అనుకున్నారు. మనిషికి తను రాసిన వాక్యం మీద మోజు పుడితే అది పెళ్లీడుకొచ్చిన కూతురు మీద మోజులాంటిది కాదు, పసిపిల్ల మీద మోజులాంటిది. ఎవరన్నా వంక పెడితే ఊరుకోబుద్ధి కాదు.

ఎప్పటిలాగే కాగితం పట్టుకుని గఫార్ బల్ల దగ్గరికి వెళ్లారు. గఫార్ లేచి నిలబడి చదివాడు. మామూలుగా చదివే దానికంటే ఎక్కువసేపు చదివాడు.

"పంతులు గారూ, ఏమీ అనుకోవద్దండి. ఇది వద్దండి," అన్నాడు.

"ఏం, ఏ మాట మార్చమంటారు?"

"మాట కాదండి. ఆ రోజుల్లో మేం శుభాకాంక్షలు చెప్పుకోమండి. ప్రవక్త గారి మనవడు ఇమాం గారు, వాళ్ల బిడ్డలు నీళ్లు లేక దాహంతో చచ్చిపోయిన రోజులండి అవి. ఇంట్లో కొత్త గుడ్డలు కట్టం, శుభకార్యం పెట్టం. ఊదు వేస్తామండి, నిజమే. చచ్చిపోయిన వాళ్ల కోసం వేస్తామండి. పల్లెల్లో సరదాగా చేస్తారు. అది వాళ్ల భక్తి, మేం తప్పు పట్టం. కానీ కంపెనీ తరఫున ఆనందం అని తెర మీద వేస్తే బాగోదండి. మానేస్తేనే మర్యాద," అన్నాడు.

సుబ్రహ్మణ్యం గారికి ఇది కొత్త సంగతేం కాదు. గుడ్‌ఫ్రైడేకి శుభాకాంక్షలేమిటని అంతకు రెండేళ్ల ముందు స్లయిడు ఆపించింది ఆయనే. పీర్ల కథా ఆయనకి తెలుసు. చావిడిలో పదోరోజున పాడే పాటలకి ఆడవాళ్లు ఏడవడం ఆయన కళ్లారా చూశారు. తెలిసిందే ఎవరో గుర్తు చేస్తే, సరే అనడానికి ఎంతసేపు పడుతుంది? "అవునండి, నిజమే," అని కాగితం తీసుకుని వచ్చేశారు కూడా.

మర్నాడు ఈశ్వరప్రసాద్ గుడివాడ నుంచి రాగానే మొదటి మాట అదే. "మాస్టారూ, పీర్ల పండగ మేటరేదీ? పెయింటరు వాకిట్లో నుంచున్నాడు." కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని గట్టిగా చదివాడు. "భలే ఉందండీ. మీరు తప్ప ఇంకెవరు రాస్తారండీ ఇలా?"

అప్పుడు చెప్పాలి. ఇది వేయకూడదండీ అని ఒక్క ముక్క. యజమాని మొహంలో ఆ వెలుగు ఆరిపోతుంది, పెయింటరుని వెనక్కి పంపాలి, ఇన్నాళ్లూ తట్టని ఆలోచన తట్టిందని మురిసిపోతున్న మనిషిని చిన్నబుచ్చాలి. పైగా ఆ వాక్యం చెత్తబుట్టలోకి పోతుంది.

"గఫారు చూశాడా?"

గఫార్ ఆ వేళ స్టేషన్‌లో సరుకు ఎక్కించడానికి వెళ్లాడు. బల్ల ఖాళీగా ఉంది.

"చూశాడండి. బాగుందన్నాడు," అన్నారు సుబ్రహ్మణ్యం గారు.

అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. జన్మలో పరీక్ష పేపరు మీద ఒక్క మార్కు ఊరికే వేయని మనిషి. ఈశ్వరప్రసాద్ చదవడం అయిపోయింది గనక సంతకం గీకి, కాగితం పెయింటరుకిచ్చేశాడు. సుబ్రహ్మణ్యం గారు తన బల్ల దగ్గరికొచ్చి పెన్ను తుడుచుకున్నారు. పల్లెల్లో అందరూ పండగ చేసుకోవడంలేదా, ఇంతమాత్రానికి ఎవరు పట్టించుకుంటారు అని తనకి తనే చెప్పుకున్నారు. గఫార్‌కి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబుదామనుకున్నప్పుడల్లా అతను ఏదో పనిలో ఉన్నట్టు కనిపించేవాడు. లేనప్పుడు కూడా.

మొహర్రం నెల పుట్టిన మూడో రోజో నాలుగో రోజో, స్లయిడు తెర మీద పడింది. పల్లె హాళ్లలో ఎవరూ కిమ్మనలేదు. బంటుమిల్లిలో చప్పట్లు కూడా కొట్టారట. బందరులో మాత్రం మ్యాట్నీకి వెళ్లిన కుర్రాళ్లు ఇంటర్వెల్లో లేచి బయటికొచ్చేశారు. గొడవ చేయలేదు. తిన్నగా వెళ్లి పీర్ల చావిడి పెద్ద రహంతుల్లా గారితో చెప్పారు.

రహంతుల్లా గారు కలంకారీ అద్దకం పని చేయించే పెద్దమనిషి. తెల్లగడ్డం, చేతివేళ్లకి ఎప్పుడూ రంగు. మర్నాడు పొద్దున్నే ఇంకో ఇద్దరు పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చారు. ఈశ్వరప్రసాద్ కుర్చీలు వేయించాడు. వాళ్లు కూర్చోలేదు.

"ప్రసాద్ గారూ, మీ నాన్నగారి రోజుల్నించీ ఎరిగినవాళ్లం. మీరు మా పండగలన్నిటికీ మంచిమాట చెప్తున్నారు, సంతోషమండి. ఇది మాత్రం మా గుండెలు మండే రోజులండి. కిందటేడు ఈ రోజులకి మేం సముద్రంలో పోయినవాళ్లని వెతుక్కుంటున్నామండి. ఈ ఏడు ఇంటింటా ఆనందం అంటే ఎట్లా తీసుకోమంటారండి?" అన్నారాయన. గొంతు పెంచలేదు.

ఈశ్వరప్రసాద్ మొహం పాలిపోయింది. తొందర మనిషి గదా, నోటికి మొదట తోచిందే అనేశాడు. "అయ్యో, అది మాకు తెలియక కాదండీ, మీ గఫారుకి చూపించే వేశాం. ఆయన బాగుందన్నాకే పంపించాం. అవునా మాస్టారూ?"

గదిలో ఉన్నవాళ్లందరి కళ్లూ తలుపు దగ్గరి బల్ల మీదికి తిరిగాయి. గఫార్ లేచి నిలబడ్డాడు. ముందు అతనికి అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. అతను సుబ్రహ్మణ్యం గారి వైపు చూశాడు. కోపంగా కాదు. ఇప్పుడు మీరు చెప్తారు కదా అన్నట్టు చూశాడు.

'అవునా' అని యజమాని అడిగింది సుబ్రహ్మణ్యం గారినే. కాదు అనాలి. రెండక్షరాలు. ఆయన కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. అంతే చేశారు.

గఫార్ చూపు దించుకున్నాడు. "నాదే పొరపాటు చాచా. సరిగ్గా చూడలేదు," అన్నాడు రహంతుల్లా గారితో.

వచ్చినవాళ్లు వెళ్లిపోయేటప్పుడు గఫార్ గడప దాకా వెళ్లి సలాం చేశాడు. ముగ్గురిలో ఇద్దరు అందుకున్నారు. రహంతుల్లా గారు వినపడనట్టే మెట్లు దిగిపోయారు.

స్లయిళ్లన్నీ ఆ రోజే హాళ్లనుంచి తెప్పించేశారు. దాని బదులు క్షమాపణ స్లయిడు వేయాలన్నాడు ఈశ్వరప్రసాద్. దాని మేటరు రాసే పని ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం' అని యజమానే ఒక ముక్క చెప్పాడు. సుబ్రహ్మణ్యం గారు అలవాటు కొద్దీ దిద్దారు. నొచ్చుకుని ఉంటే ఏమిటి, నొచ్చుకున్నారు కదా, గడపలోకొచ్చి చెప్పారు కదా. 'మా ప్రకటన మనసులను నొప్పించింది. తప్పు మాది. మన్నించండి' అని రాశారు. చక్కగా ఉంది. ఆ 'మాది'లో తను ఎక్కడున్నాడో ఎవరికీ కనపడకుండా భేషుగ్గా కుదిరింది. రాసిన కాగితం ఇస్తుంటే ఆయనకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పక్క బల్ల దగ్గర గఫార్ తల వంచుకుని పార్సిళ్ల మీద అడ్రసులు రాసుకుంటున్నాడు.

ఆయన గఫార్‌తో మాట్లాడాలని రోజూ అనుకునేవారు. పొద్దున గఫార్ మామూలుగానే "నమస్కారం పంతులు గారూ" అనేవాడు. ఆ మామూలుతనం ముందు ఆయనకి మొహం చెల్లేది కాదు. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషికి ఎదురు చెప్పడమో, కాళ్లు పట్టుకోవడమో ఏదో ఒకటి చేయొచ్చు. నమస్కారం పెట్టేవాడికి నమస్కారం తప్ప ఏం పెడతాం?

పదోరోజున జానకమ్మ గారు పానకం బిందెతో పీర్ల చావిడికి వెళ్లి వచ్చింది. వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఏమండీ, మీ ఆఫీసు గఫార్ గారేం తప్పు చేశారండీ?" అంది.

సుబ్రహ్మణ్యం గారు చప్పున తలెత్తారు. "ఏం?"

"ఏటా పెద్ద పీరుని ఎత్తుకునేది ఆయనే కదండీ. వాళ్ల నాన్న తర్వాత ఆయనే. ఈసారి ఎవరో కుర్రాడు ఎత్తుకున్నాడు. ఆయన గేటు బయట నుంచున్నారు, పరాయివాడిలాగా. నాగూర్ బీని అడిగితే, ఆఫీసులో ఏదో పొరపాటు చేశారు, పెద్దలు ఈ ఏడు వద్దన్నారు అంది. కళ్లు తుడుచుకుంటూనే ఉందండీ, పాపం." గఫార్ భార్య నాగూర్ బీ, జానకమ్మ గారూ పప్పూ ఉప్పూ ఇచ్చిపుచ్చుకునే స్నేహితులు. "అక్క ఆచూకీ లేకుండా పోయింది కదా, ఈ ఏడు పీరు కింద ఆవిడ పేరు చెప్పుకుని ఏడుద్దామనుకున్నారట ఆయన. అదీ లేకపోయింది."

ఆ పూట ఆయనకి అన్నం దిగలేదు. జానకమ్మ గారు ఏమైందని అడిగింది. చెప్పారు. కాగితం చూపించిన రోజు నుంచీ జరిగిందంతా చెప్పారు. ఆవిడ చాలాసేపు ఆయన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"బాగుందన్నాడని చెప్పారా?" అంది చివరికి. "నేను రేపు నాగూర్ బీ మొహం ఎట్లా చూడనూ?" అని లేచి కంచం తీసేసింది.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక సుబ్రహ్మణ్యం గారు రహంతుల్లా గారింటికి వెళ్లారు. వాకిట్లో తీగల మీద అద్దకం గుడ్డలు ఆరుతున్నాయి. అరుగు మీద చాప పరిచి నలుగురైదుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. అరుగు చివర, స్తంభానికి ఆనుకుని గఫార్ కూడా ఉన్నాడు. ఆయన్ని చూసి లేవబోయాడు. రహంతుల్లా గారు అందరికంటే ముందు లేచారు.

"రండి పంతులు గారూ, పైకి రండి. చాయ్ తీసుకుంటారా?"

"వద్దండి. ఒక మాట చెప్పడానికొచ్చానండి." సుబ్రహ్మణ్యం గారు అరుగు కిందే నిలబడ్డారు. "ఆ స్లయిడు రాసింది నేనండి. తప్పు నాదండి. గఫార్ గారిది కాదండి."

రహంతుల్లా గారు నవ్వారు. ఆ నవ్వులో నిజంగానే ఆప్యాయత ఉంది. "మాకు తెలుసు కదండీ. గఫార్ అంతా చెప్పాడు. మీరు మంచిమనసుతో రాశారు, మా సంగతి మీకు తెలియదు పాపం. చూడమని ఇచ్చారు. వీడే పని తొందరలో చదవకుండా బాగుందన్నాడు. మీ మీద మాకేం కోపంలేదు పంతులు గారూ. తెలియనివాళ్ల మీద కోపమేంటండి? చదివి చెప్పాల్సినవాడు చెప్పలేదు, అందుకని ఈ ఏడు వీడిని పక్కన పెట్టాం. ఇందాకే మాట్లాడుకున్నాం. వచ్చే ఏడు మళ్లీ వీడే ఎత్తుకుంటాడు. అయిపోయింది ఆ సంగతి."

సుబ్రహ్మణ్యం గారికి తల కొట్టేసినట్టయింది. గఫార్ తన మీద నింద వేసుకోవడమే కాదు, ఆయన్ని కాపాడటానికి ఒక కథ కూడా అల్లాడు. ఆ కథలో ఆయన అమాయకుడు. ఏమీ తెలియని మంచి పంతులు. ఇప్పుడు సరేనండీ అని చాయ్ తాగి వెళ్లిపోవచ్చు. అందరికీ మర్యాదగా ఉంటుంది, గఫార్ చోటు గఫార్‌కి దొరుకుతుంది.

కానీ ఆ అమాయకత్వాన్ని ఆయన మోయలేకపోయారు.

"నాకు తెలుసండి," అన్నారు. "తెలియక కాదండి. నాకు ముందే తెలుసు. గఫార్ గారికి చూపిస్తే ఆయన చదివారు. వద్దన్నారు. ఎందుకు వద్దో కూడా చెప్పారు. బాగుందన్నాడని నేనే అబద్ధం చెప్పానండి మా ప్రసాద్ గారికి. మీరొచ్చినప్పుడు కూడా నోరు విప్పలేదండి."

ఆయన తలెత్తి చూసేసరికి రహంతుల్లా గారు తన వైపు చూడటంలేదు. గఫార్ వైపు చూస్తున్నారు.

"మాతో ఇలా చెప్పలేదే నువ్వు," అన్నారాయన. "పీర్ల దగ్గర నుంచుని, చదవలేదని చెప్పావే. అబద్ధమా అది?"

గఫార్ తలవంచుకున్నాడు. "అవును చాచా."

"పీర్ల దగ్గర," అన్నాడు పక్కనున్న ఇంకో పెద్దాయన, తనలో తను అనుకుంటున్నట్టు.

పొరపాటుకి ఒక ఏడు పక్కన పెట్టారు. పీర్ల ముందు ఆడిన అబద్ధానికి ఎంత పెడతారో సుబ్రహ్మణ్యం గారికి తెలియదు. "నా కోసమే చెప్పారండి, నన్ను..." అని ఏదో అనబోయారు. రహంతుల్లా గారు చెయ్యెత్తి ఆపారు. మర్యాదగానే ఆపారు.

"మీరు వచ్చి చెప్పారు, మంచిదండి. ఇక మేం మాట్లాడుకుంటాం. వెళ్లి రండి."

గఫార్ అరుగు దిగి, ఇంటికొచ్చిన మనిషిని సాగనంపే మర్యాద ప్రకారం వీధి మలుపు దాకా ఆయన వెంట నడిచాడు. మలుపు దగ్గర గఫార్ ఆగాడు.

"పంతులు గారూ, ఇప్పుడు మీకు తేలిగ్గా ఉందా అండీ?" అని అడిగాడు.

ఎత్తిపొడుపు కాదది. అతనికి ఎత్తిపొడవడం రాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. లేదనాలనుకున్నారు సుబ్రహ్మణ్యం గారు. లేదంటేనే పద్ధతి. కానీ ఇన్ని రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు దిగిపోయిన సంగతి ఆయనకి తెలుస్తూనే ఉంది. దాన్ని దించుకోవడానికి తను వాడుకున్నది మళ్లీ ఈ మనిషినేనని కూడా తెలుస్తోంది. ఇంకొక్క అబద్ధం ఆడటానికి ఆయనకి సిగ్గేసింది. నిజం చెప్పడానికి అంతకంటే సిగ్గేసింది.

"ఉందండి," అన్నారు.

"పోనీలెండి," అని గఫార్ తలాడించి, తన కోసం పెద్దలు ఎదురుచూస్తున్న అరుగు వైపు వెనక్కి నడిచాడు.